గీత దగ్గర కొని, గీత కిందే స్టాప్‌లాస్ పెట్టవద్దు

రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత షేర్లలో పెట్టి, చార్టు చూడటం నేర్చుకున్నవాళ్లు మనలో ఉన్నారు. పెరుగుతున్న షేరు 20 రోజుల సగటు గీత దాకా దిగినప్పుడు కొనడం మంచి పద్ధతే. కానీ చాలామంది స్టాప్‌లాస్‌ను ఆ గీతకు ఒక రూపాయి కింద పెడుతున్నారు. అది సరికాదని మేము అంటాం.

ఆ గీత గోడ కాదు. గత 20 రోజుల ముగింపు ధరల సగటు, అంతే. ఈరోజు ముగింపు ధర, లెక్కలోంచి జారిపోయే పాత ధర కన్నా ఎక్కువైతే గీత పైకే పోతుంది. అందుకే షేరు గీత కిందికి కొంచెం దిగి లేచినా, గీత పెరుగుతూనే ఉండవచ్చు.

లెక్క కోసం ఒక షేరు అనుకుందాం. 428 నుంచి 480 దాకా ఎక్కి, తర్వాత తగ్గుతూ వచ్చింది. గీత ఇప్పుడు 455 దగ్గర ఉంది. పది రోజుల కింద 440 దగ్గర ఉండేది కాబట్టి పెరుగుతున్న గీతే. ఒకరోజు షేరు 449 దాకా దిగి, 464 దాకా లేచి, 461 దగ్గర ముగిసింది. గీతను తాకగానే మనం కొనం. మరుసటి రోజు 464 దాటితే 465కి కొంటాం.

మన అంచనా ఎక్కడ తప్పినట్టు? 449 దగ్గర కొనేవాళ్లు నిలబడ్డారు, అదే మన ఆధారం. అది తెగితే ఆధారం పోయినట్టే. షేరు రోజుకు సుమారు 10 రూపాయలు ఊగేదైతే, అందులో సగం వదిలి 444 దగ్గర స్టాప్‌లాస్ పెట్టాలి. 454 దగ్గర పెడితే మామూలు ఊగుడుకే బయటపడతాం. 428 దాకా ఆగితే ట్రెండే చెడిపోయి ఉంటుంది, మన కొనుగోలు తప్పని అంతకు ముందే తేలిపోయి ఉంటుంది.

465కూ 444కూ తేడా 21 రూపాయలు. ఖాతాలో రెండు లక్షలుండి, ఒక కొనుగోలులో 2,000 మించి పోగొట్టుకోకూడదనుకుంటే 95 షేర్లు కొనవచ్చు. స్టాప్‌లాస్‌ను 454కి జరిపితే 181 షేర్లు వస్తాయి. కానీ అది ఆశ కోసం లెక్కను మార్చడం. ముందు చోటు, తర్వాతే సంఖ్య.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. గీత పెరగకుండా పడుకుని ఉంటే ధర దాన్ని అటూ ఇటూ దాటుతూనే ఉంటుంది, అక్కడ దీన్ని వాడవద్దు. రాత్రి చెడ్డ వార్త వచ్చి షేరు 430 దగ్గర తెరుచుకుంటే, 444 అని పెట్టినా 430 చుట్టూనే అమ్ముడవుతుంది. అప్పుడు షేరుకు నష్టం 21 కాదు, 35. కంపెనీ ఫలితాల ముందు రోజు కొత్తగా కొనవద్దని మేము చెప్పేది అందుకే.

కొనకముందే 444 అని కాగితం మీద రాసిపెట్టుకోండి. కొన్నాక దాన్ని కిందికి దించవద్దు.