వాట్లు కాదు భాయ్, ముందు ఓమ్‌లు చూడండి



పోయిన రంజాన్‌లో శంషాబాద్‌లోని మా మొహల్లా మస్జిద్‌లో తరావీహ్ మధ్యలో ఆవాజ్ ఆగిపోయింది. యాంప్లిఫయర్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. తెల్లారేసరికి "పాతది ఖరాబైంది, రెట్టింపు వాట్లది కొందాం" అని చందా మొదలైంది. నేను అడ్డం పడ్డాను. ఖరాబైంది మిషన్ కాదు, మన హిసాబ్.

మొదట్లో హాల్లో రెండే స్పీకర్లు, ఒక్కోటి 8 ఓమ్‌లు. నెత్తి మీదుగా విమానం దిగేటప్పుడు వెనక సఫ్‌లకు ఖిరాఅత్ వినపడట్లేదని ఒకటి, జనానాలోకి ఇంకొకటి కలిపారు. ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట ముడేశారు. ఇదే ప్యారలల్. స్పీకర్లు పెరిగితే ఓమ్‌లూ పెరుగుతాయని చాలామంది ఖయాల్. ఇక్కడ ఉల్టా. కరెంటుకు దారులు పెరిగేకొద్దీ అడ్డు తగ్గుతుంది. స్పీకర్లన్నీ ఒకే రకమైతే 8ని వాటి సంఖ్యతో భాగించండి: రెండైతే 4, నాలుగైతే 2.

మా యాంప్లిఫయర్ వెనకాల మాత్రం 4 ఓమ్‌లకు తగ్గకూడదని రాసుంది. 20 వోల్టుల దగ్గర 8 ఓమ్‌ల లోడ్ 2.5 ఆంపియర్లు తీసుకుంటే, 2 ఓమ్‌ల లోడ్ 10 ఆంపియర్లు లాగుతుంది. వేడెక్కకుండా ఎలా ఉంటుంది? కొత్తదాని మీదా అదే 4 రాసుంటే, ఎన్ని వాట్లున్నా దానికీ ఇదే ముసీబత్.

ఇలాజ్ తీగల్లోనే ఉంది. స్పీకర్లను రెండేసి జోడీలు చేశాం. యాంప్లిఫయర్ ప్లస్ మొదటిదాని ప్లస్‌కు, దాని మైనస్ రెండోదాని ప్లస్‌కు, రెండోదాని మైనస్ తిరిగి యాంప్లిఫయర్ మైనస్‌కు. ఇది సిరీస్. ఇందులో ఓమ్‌లు కూడతాయి: 8 + 8 = 16. అలాంటి రెండు జోడీలను ప్యారలల్‌లో కలిపితే 16లో సగం, మళ్లీ 8. రేపు మూడో జోడీ కలిపినా 16 ÷ 3, అంటే 5.3. అదీ 4కు పైనే.

నుక్సాన్ కూడా చెప్పాలి. జోడీలో ఒక స్పీకర్ పోతే రెండోదీ మూగబోతుంది. రెండు ఓమ్‌లు వేరైతే ఆవాజ్ బరాబర్ రాదు. 100 వోల్టుల లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న హార్న్‌లకు ఈ హిసాబ్ పనికిరాదు.

పరీక్ష ఆసాన్. మిషన్ బంద్ చేసి, స్పీకర్ తీగలు ఊడదీసి, వాటికి మల్టీమీటర్ పెట్టండి. మీటర్ కొంచెం తక్కువే చూపిస్తుంది, 8 ఓమ్‌ల లోడ్‌కు 6 దాకా. మాకు మొదట ఒకటిన్నర చూపింది.

మాది ఫ్యూజ్ మార్చడంతో పోయింది. పాత మిషనే నడుస్తోంది. చందా పైసలు అమానత్. పెట్టె మార్చేముందు ముడి విప్పి చూడటం కమిటీ జిమ్మేదారీ అని నా రాయ్.