ఎంట్రీ కొట్టే చేయి వేరు, పాస్ చేసే చేయి వేరు

బ్యాంకు బ్రాంచీల్లో కొత్తగా చేరిన క్లర్కులకు, ప్రొబేషనరీ ఆఫీసర్లకు తోటి ఉద్యోగుల విజ్ఞప్తి

చేరిన కొద్ది రోజుల్లోనే మీకు ఈ మాట వినిపిస్తుంది: "బాబూ, ఏటీఎంలో క్యాష్ పెట్టడానికి వెళ్తున్నా. కౌంటర్ దగ్గర జనం ఉన్నారు. నా పాస్‌వర్డ్ చెబుతా, ఆ వోచర్లు నువ్వే పాస్ చేసెయ్." అడిగే ఆయన చెడ్డవాడేమీ కాదు. చాలాసార్లు బ్రాంచిలో అందరికంటే ఎక్కువ కష్టపడేది ఆయనే. కొత్తగా వచ్చినవాళ్లకు కాదనడం కష్టమవుతుంది కూడా.

అయినా కాదనండి. ఎందుకో చెబుతాం.

మన పనిలో ముఖ్యమైన ప్రతి లావాదేవీ మీదా ఇద్దరి కళ్లు పడాలి. మేకర్ ఎంట్రీ చేస్తాడు. చెకర్ వోచరూ సంతకమూ చూసి పాస్ చేస్తాడు. స్ట్రాంగ్‌రూమ్ తాళాలు ఇద్దరి దగ్గర ఉండేదీ ఇందుకే. ఎంత తొందరలో ఉన్నా ఏ ఆఫీసరూ తన తాళంచెవి క్యాషియర్ చేతిలో పెట్టి భోజనానికి వెళ్లడు. పాస్‌వర్డ్‌ను మాత్రం చీటీ మీద రాసి కీబోర్డు కింద పెడతాడు. ఆ చీటీతో ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరి చేతిలోకి వస్తుంది.

అప్పుడేం జరుగుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. రెండేళ్లకు పైగా లావాదేవీ లేక ఇనాపరేటివ్ అయిపోయిన ఒక పెద్దావిడ ఖాతా ఉంది. అందులో 3,20,000 రూపాయలున్నాయి. చెకర్ పాస్‌వర్డ్ తెలిసిన ఒకడు ముందుగా ఆ ఖాతాలోని మొబైల్ నంబరు మారుస్తాడు. ఇక ఎస్ఎంఎస్‌లు ఆమెకు వెళ్లవు. తర్వాత ఖాతాను యాక్టివ్ చేస్తాడు. ఆ పైన డబ్బును కొద్దికొద్దిగా వేరే ఖాతాలోకి పంపుతాడు. ఈ మూడు మెట్లలో ఎక్కడైనా చెకర్ "ఆవిడ దరఖాస్తు ఏది?" అని అడిగితే కథ అక్కడితో ఆగిపోయేది. కానీ అడగాల్సినవాడి ఐడీ కూడా అతని చేతిలోనే ఉంది.

కొన్ని నెలల తర్వాత ఆవిడ కొడుకు పాస్‌బుక్ ప్రింట్ చేయించడానికి వస్తాడు. అప్పుడు లాగ్ తీస్తారు. మేకర్ ఐడీ, చెకర్ ఐడీ, టెర్మినల్, సమయం, అన్నీ అందులో ఉంటాయి. 1:42కి ఎంట్రీ, 1:43కి పాస్, రెండూ ఒకే సిస్టమ్ నుంచి. కీబోర్డు మీద ఎవరి వేళ్లు ఉన్నాయో మాత్రం లాగ్‌కు తెలియదు. "ఆ సమయానికి నేను ఏటీఎం దగ్గర ఉన్నాను" అని ఆఫీసరు రుజువు చేసుకోవచ్చు. అయితే పాస్‌వర్డ్ ఇచ్చానని ఒప్పుకోకుండా ఆ రుజువు చూపించలేడు. దొంగతనం ఆరోపణ తప్పినా, నిబంధన మీరాడన్న చార్జిషీట్ ఖాయం. ఇక ఆ పాస్‌వర్డ్ ముగ్గురికి తెలుసనుకుంటే, వాళ్లలో తప్పు చేయని ఇద్దరికీ తమ నిర్దోషిత్వం చూపించుకునే దారే ఉండదు. కొత్తవాళ్లు భయపడాల్సింది ఇందుకే. మోసపు బుద్ధితో ఇంకొకరి పాస్‌వర్డ్ వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఇక నిజంగా జరిగినదీ ఒకటి చూద్దాం. 2018 ఫిబ్రవరిలో ముంబయిలోని పంజాబ్ నేషనల్ బ్యాంకు బ్రాడీ హౌస్ శాఖ మోసం బయటపడింది. మొదట ప్రకటించిన మొత్తమే 11 వేల కోట్ల పైచిలుకు. నీరవ్ మోదీ సంస్థల కోసం స్విఫ్ట్ ద్వారా వెళ్లిన హామీ సందేశాలు కోర్ బ్యాంకింగ్‌లో నమోదే కాలేదు. దాని కారణాలు చాలా ఉన్నాయి, నెపమంతా పాస్‌వర్డ్‌ల మీద వేయలేం. కానీ అది ఎలా బయటపడిందో చూడండి. పాత అధికారి రిటైరయ్యాక ఆ కుర్చీలోకి వచ్చిన కొత్తవాళ్లు, కొత్త హామీకి పూర్తి నగదు మార్జిన్ కట్టమన్నారు. ఇంతకుముందు కట్టకుండానే తీసుకున్నామని సంస్థలవాళ్లు చెప్పారు. రికార్డులు వెతికితే ఏమీ దొరకలేదు. రెండో మనిషి నిజంగా చూడడమంటే అదే.

క్యూ నిజమే, సిబ్బంది కొరతా నిజమే. అందుకే మేనేజర్లను ఒకటి కోరుతున్నాం. ప్రతి బ్రాంచిలో చెకర్ అధికారం ఇద్దరికి ఉంచండి. ఆఫీసరు సెలవులో ఉన్నా బయటికి వెళ్లినా, ఇంకొకరికి వాళ్ల సొంత ఐడీ మీదే, పరిమితి పెట్టి, ఆ రోజు వరకు అధికారం ఇప్పించండి. దానికి కంట్రోలింగ్ ఆఫీసు అనుమతి కావాలంటే ఉదయాన్నే అడగండి, మధ్యాహ్నం క్యూ పెరిగాక కాదు.

కొత్తవాళ్లకు: "సార్, నా ఐడీకి అధికారం ఇప్పించండి, పాస్ చేస్తాను" అనండి. మర్యాదగానే ఉంటుంది, పనీ జరుగుతుంది. సీటు వదిలి లేచేటప్పుడు `Win + L` నొక్కండి. తెరిచి ఉంచిన సెషన్ కూడా అడగకుండా ఇచ్చిన పాస్‌వర్డే. ఇప్పటికే ఎవరికైనా మీ పాస్‌వర్డ్ చెప్పి ఉంటే ఈ సాయంత్రం డే ఎండ్ లోపల మార్చేసి, చెప్పినప్పటి నుంచి మీ ఐడీ మీద జరిగిన లావాదేవీల జాబితాను ఒకసారి వోచర్లతో సరిచూసుకోండి.