జయప్రదం చేయడం అంటే ఏం చేయాలి సార్?

యాన్యువల్ డే దగ్గరపడేసరికి కాలేజీ ఆఫీసులో ఒక పాత ఫైలు బయటికొస్తుంది. అందులో పోయినేడాది ముఖ్య అతిథికి రాసిన ఉత్తరం ఉంటుంది. అందులో పేరు మార్చి, తేదీ మార్చి, ప్రిన్సిపాల్ గారి సంతకం పెట్టించి పంపేస్తాం. చివరి వాక్యం మాత్రం ఏ ఏడాదీ మారదు. "తమ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి, సభకు విచ్చేసి, కార్యక్రమాన్ని జయప్రదం చేయవలసిందిగా కోరుచున్నాము."

ఈ వాక్యాన్ని అందుకున్న మనిషి వైపు నుంచి ఒకసారి చదవండి. జయప్రదం చేయడం అంటే ఏం చేయాలి? మాట్లాడాలా? మాట్లాడితే ఎవరితో, ఎంతసేపు? బహుమతులు ఇవ్వాలా? ఇస్తే ఎన్ని? రాత్రి భోజనం దాకా ఉండాలా, మధ్యలో లేచి వెళ్తే తప్పు పడతారా? ఒక్కదానికీ జవాబు దొరకదు. పొగడ్త మాత్రం రెండు పేరాలు ఉంటుంది. నా అభిప్రాయం ఏంటంటే, ముఖ్య అతిథి ఉత్తరం మర్యాద కోసం రాసే కాగితం కాదు. ముక్కూమొహం తెలియని ఒక పెద్దమనిషి తన ఒక రోజును మనకి ఇవ్వాలో వద్దో తేల్చుకోవడానికి కావాల్సిన సమాచారం అది. మర్యాద ఎలాగూ ఉంటుంది, తెలుగులో దానికి కొరత లేదు.

ఉత్తరం బాగోలేదని తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. ఉత్తరం అందాక అతిథి ఫోన్ చేసి "ఎంతసేపు మాట్లాడాలి బాబూ?" అని అడిగితే ఆ ఉత్తరం పని చేయలేదన్నమాట. ఆ ఫోన్ కూడా రాలేదంటే ఇంకా ప్రమాదం. ఆయన ఏదో ఊహించుకుని బయల్దేరతారు, మనం ఇంకేదో ఊహించుకుని ఎదురుచూస్తాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మన కాట్రేనికోన మండలంలోనే ఒక ఇంజినీరింగ్ కాలేజీ, వార్షికోత్సవం 2026 ఫిబ్రవరి 28, శనివారం అనుకోండి. ఎవర్ని పిలవాలి? మామూలుగా అయితే ఎమ్మెల్యే గారినో, కలెక్టర్ గారినో అనుకుంటాం. వాళ్లని పిలవడంలో తప్పు లేదు. కాకపోతే వాళ్ల ప్రోగ్రాం ఆ రోజు ఉదయానికి కూడా మారిపోవచ్చు, పైగా ఎన్నికల కోడ్ గనక వస్తే వాళ్లు రావడం ఇంకా కష్టం కావచ్చు. మన ఉదాహరణకి వేరే మనిషిని అనుకుందాం. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి బ్లోఅవుట్ అయింది. రెండు నెలలకు పైగా మండింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆ మంట గురించి ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. అప్పుడు డ్రిల్లింగ్ రంగంలో పని చేసి, రిటైరై, రాజమహేంద్రవరంలో స్థిరపడిన ఒక ఇంజినీరు గారు మనకి తెలిశారనుకోండి. మెకానికల్ కుర్రాళ్లకి అంతకంటే మంచి అతిథి ఎవరు?

ఇప్పుడు ఆయనకి పాత ఫైలు ఉత్తరం పంపితే ఏమవుతుంది? "విద్యార్థులు క్రమశిక్షణతో మెలగాలి, తల్లిదండ్రులకి పేరు తేవాలి" అని పది నిమిషాలు చెప్పి కూర్చుంటారు. తప్పు ఆయనది కాదు. మనం ఆయన్ని అడిగింది అంతే. ఆయన దగ్గర ఉన్నది పాశర్లపూడి. మనం అడగలేదు, ఆయన చెప్పలేదు.

కాబట్టి ఉత్తరంలో అన్నిటికన్నా ముందు రాయాల్సింది ఆయన్నే ఎందుకు పిలుస్తున్నామో. ఆ కారణం ఇంకెవరికీ అతకకూడదు. పేరు తీసేసి ఇంకో పేరు పెట్టినా సరిపోతోందంటే కారణం రాయనట్టే.

రెండోది టైము. ఇక్కడ మనమందరం కలిసి ఒక అబద్ధం ఆడతాం. ఆహ్వానంలో 4 గంటలు అని ఉంటుంది, సభ 6కి మొదలవుతుంది. "ఎలాగూ లేటుగా వస్తారు కదా" అని మనం ముందు టైము వేస్తాం, "ఎలాగూ లేటుగా మొదలెడతారు కదా" అని వాళ్లు ఆలస్యంగా బయల్దేరతారు. టైము పాటించే అతిథి మాత్రం సరిగ్గా నాలుగింటికి వచ్చి ప్రిన్సిపాల్ గదిలో రెండు గంటలు జీడిపప్పు ముందు కూర్చుంటారు. అంటే మర్యాద తెలిసిన మనిషికే శిక్ష.

అతిథికి కావాల్సింది ఒక టైము కాదు, నాలుగు. ఎన్నింటికి బయల్దేరాలి, ఎన్నింటికి సభ మొదలవుతుంది, తన ప్రసంగం ఎన్నింటికి, ఎన్నింటికి తిరిగి వెళ్లొచ్చు. ఈ నాలుగోది ఏ ఉత్తరంలోనూ రాయరు, రాస్తే "వెళ్లిపోండి" అన్నట్టు ఉంటుందని మొహమాటం. నిజానికి ఒప్పుకోవాలా వద్దా అన్నది చాలామంది పెద్దవాళ్లు తేల్చుకునేది దాన్ని బట్టే. మన కోనసీమకి ఇది ఇంకా ముఖ్యం. అమలాపురం దాకా రైలు ఇప్పటికీ రాలేదు. రాజమహేంద్రవరం నుంచి అంటే రావులపాలెం, కొత్తపేట, అమలాపురం మీదుగా రెండు గంటల పైమాటే. కాకినాడ వైపు వాళ్లయితే యానాం దాటి, ఎదుర్లంక వంతెన మీదుగా, ముమ్మిడివరం వైపు రావాలి. "కాట్రేనికోన మండలం" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే విశాఖ మనిషి ఏ స్టేషన్లో దిగాలో కూడా తెలియదు. కారు ఎవరు పంపుతారు, ఎక్కడికి పంపుతారు అన్నది ఉత్తరంలోనే ఉండాలి, ఫోన్లో చూసుకుందాం అనకూడదు.

మూడోది బహుమతులు. చిన్న లెక్క వేయండి. అరవై బహుమతులు, ఒక్కోదానికి పేరు పిలవడం, పిల్లాడు వెనక వరస నుంచి రావడం, ఫోటో, మొత్తం అర నిమిషం. అంటే అరగంట నిలబడాలి. డెబ్బై ఏళ్ల మనిషి మోకాళ్ల సంగతి ఏంటి? అందుకే సంఖ్య ముందే చెప్పాలి. వీలైతే మొదటి ఇరవై ఆయన చేతుల మీదుగా, మిగతావి హెచ్ఓడీల చేతుల మీదుగా ఇప్పించాలి.

ఇవన్నీ పెట్టి రాస్తే ఉత్తరం ఇలా ఉంటుంది. కాలేజీ లెటర్‌హెడ్ మీద, ఒక్క పేజీలో:

తేదీ: 19-01-2026

గౌరవనీయులైన శ్రీ ............ గారికి,

విషయం: 28-02-2026 శనివారం మా కళాశాల వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా ఆహ్వానం.

నమస్కారం. పాశర్లపూడి బ్లోఅవుట్ జరిగిన నాటికి మా విద్యార్థులు ఎవరూ పుట్టలేదు. ఆ బావి ఉన్న కోనసీమలోనే ఇంజినీరింగ్ చదువుతున్నారు. డ్రిల్లింగ్ రంగంలో మీరు చేసిన పని గురించి మీ నోట వినాలని మా కోరిక. అందుకే మిమ్మల్ని ముఖ్య అతిథిగా ఆహ్వానిస్తున్నాము.

సభ సాయంత్రం 4.30కి కళాశాల ఆవరణలో మొదలవుతుంది. 5 గంటలకు మీ ప్రసంగం. అలాంటి బావి అదుపు తప్పడానికి కారణాలేమిటి, దాన్ని తిరిగి ఎలా అదుపులోకి తెస్తారు అన్న విషయం మీద 25 నిమిషాలు మాట్లాడవలసిందిగా కోరుతున్నాము. వినేవారిలో అన్ని బ్రాంచీల విద్యార్థులు, వారి తల్లిదండ్రులు ఉంటారు. ప్రసంగం తెలుగులో ఉంటే అందరికీ అందుతుంది. ఫోటోలు చూపదలిస్తే స్క్రీన్ సిద్ధంగా ఉంటుంది. తర్వాత మీ చేతుల మీదుగా 20 బహుమతులు అందజేస్తాము. 6.15కి మీరు బయల్దేరవచ్చు. సాంస్కృతిక కార్యక్రమాలకు ఉండదలిస్తే మాకు సంతోషం.

మధ్యాహ్నం 1.30కి మీ ఇంటికి మా కారు వస్తుంది. తిరిగి ఇంటి వద్ద దింపే బాధ్యత మాది. దీని కోసం ఒక అధ్యాపకుణ్ణి నియమించాము. వారి పేరు, ఫోన్ నంబరు కింద ఇచ్చాము.

ఆహ్వాన పత్రికలు ముద్రించవలసి ఉన్నందున ఫిబ్రవరి 2వ తేదీలోగా మీ నిర్ణయం తెలుపగలరు.

ఇట్లు,
ప్రిన్సిపాల్ (సంతకం)

ఇందులో "అమూల్యమైన" లేదు, "జయప్రదం" లేదు. అయినా అమర్యాద ఎక్కడైనా కనిపించిందా? "25 నిమిషాలు" అని పెద్దవాళ్లకి కొలత పెట్టడం బాగోదని మా క్లబ్బులోనే ఇద్దరు అన్నారు. నేను ఒప్పుకోను. కొలత చెప్తే ఆయన దానికి తగ్గట్టు తయారవుతారు. చెప్పకపోతే మాట మధ్యలో యాంకర్ వెనక నుంచి చీటీ అందిస్తాడు. ఏది అమర్యాద?

1.30కి కారు, 4.30కి సభ. రెండు గంటల పైచిలుకు ప్రయాణానికి మూడు గంటలు ఎందుకంటే, దారిలో ఆలస్యమైనా వచ్చి కాళ్లు కడుక్కుని టీ తాగేంత వ్యవధి ఉండాలని. ఆ వ్యవధి ముప్పావు గంట దాటకూడదు. ఉత్తరంలో ఇంత కచ్చితంగా రాశాక మనం 4.30కి మొదలుపెట్టి తీరాలి, అసలు కష్టం అక్కడే ఉంది. దానికి దారి శాలువాలు తగ్గించడం. వేదిక మీద పన్నెండు మంది ఉంటే పన్నెండు శాలువాలు, పన్నెండు మెమెంటోలు, ఒక్కొక్కరి గురించి రెండు నిమిషాల పరిచయం. అక్కడే అరగంట పైన పోతుంది. అది ఎవరి టైములోంచి పోతుంది? ముఖ్య అతిథి టైములోంచి.

ఉత్తరంలో రాయని ఆశ ఇంకొకటి ఉంటుంది. డబ్బున్న అతిథిని పిలిచినప్పుడు, సభలో యాంకర్ మైకు పట్టుకుని "సార్ మన లైబ్రరీకి ఏదైనా ప్రకటిస్తారని ఆశిస్తున్నాం" అంటాడు. వెయ్యి మంది చప్పట్లు కొడతారు, ఆయన నవ్వలేక నవ్వుతారు. ఒక కాలేజీలో ఇది కళ్లారా చూశాను. ఆయన అంకె చెప్పారు, మళ్లీ ఎప్పుడూ రాలేదు. విరాళం కావాలంటే దానికి వేరే ఉత్తరం రాయాలి, అదీ యాన్యువల్ డే అయ్యాక. ఆహ్వానంలో లేనిది స్టేజీ మీద అడగకూడదు.

బయట ఉద్యోగాలు చేసే మన సీనియర్లని పిలవాలనుకుంటే మాత్రం క్యాలెండర్ వేరు. వాళ్లు సంక్రాంతికి ఊరొస్తారు. కనుమ నాడు ప్రభల తీర్థంలో కనిపిస్తే అక్కడే మాట కలిపి, వీలు కనుక్కుని, ఉత్తరం తర్వాత పంపాలి. ఎవరికైనా నోటిమాట ముందు, కాగితం తర్వాత. నోటిమాట మీద "చూద్దాం" అన్నవాళ్ల పేరుతో కార్డులు అచ్చు వేయించకూడదు.

ఇక ఫిబ్రవరి 2 అని గడువు పెట్టడం మీద కూడా అభ్యంతరం వచ్చింది, ఆయన్ని తొందరపెట్టినట్టుంటుందని. గడువు ఆయన కోసం కాదు, మన కోసం. ఆయన రాలేనంటే ఆ రోజుకి తెలిసిపోతుంది, రెండో పేరుకి ఉత్తరం రాయడానికి ఇంకా ఇరవై ఆరు రోజులు ఉంటాయి. ఆ రెండో ఉత్తరంలో మొదటి పేరా మళ్లీ కొత్తగా రాయాలి.