భద్రాచలంలో ఎన్ని అడుగులో చెప్తే మా ఊరికి ఏం తెలుస్తది?

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

గోదావరి వచ్చిన ప్రతిసారీ అధికారులు ఒకటే మాట అంటారు, "వదంతులు నమ్మవద్దు" అని. సరే, నమ్మం. మరి దేన్ని నమ్మాలి? చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మేము అడిగేది ఇదే. మా వాళ్లు అమాయకులు కాబట్టి వదంతులు పుడుతున్నయి అంటే మేము ఒప్పుకోం. సర్కారు పంపే కబురులో మా ఊరి సంగతి ఉండదు, అందుకే పుడుతున్నయి.

ఆ కబురు ఎట్లుంటదో చూడండి. "భద్రాచలం వద్ద 48 అడుగులు, రెండో ప్రమాద హెచ్చరిక జారీ." 43కి మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. ఇది మా చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. కానీ శబరి గోదావరిలో కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. అంటే భద్రాచలంలో కొలిచే నీళ్లలో శబరి నీళ్లు లేవు! గోదావరి నిండుగా ఉంటే శబరికి పోయే దారి లేక వెనక్కి తన్నుతది, చింతూరు వైపు వాగులు పొంగి రోడ్లు మునుగుతయి. పైన ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లో గట్టి వాన పడితే, భద్రాచలంలో తగ్గుతున్నా మా దగ్గర పెరగొచ్చు. టీవీలో "శాంతించిన గోదావరి" అని వస్తుంటే, ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసి "నీళ్లు వాకిట్లోకి వచ్చినయి" అంటది. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో మీరే చెప్పండి.

ఇది చాలదన్నట్టు ధవళేశ్వరం ఒకటి. అక్కడ కూడా మూడు హెచ్చరికలే, అంకెలు మాత్రం 11.75, 13.75, 17.75 అడుగులు. "రెండో హెచ్చరిక ఇచ్చారు" అని ఫోన్‌లో వస్తే అది ఎక్కడిదో ఎవరికీ తెలియదు. పైగా 2014లో మా మండలాలను ఆంధ్రాలో కలిపారు, భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది. కొలత ఒక రాష్ట్రంలో, మునిగేది ఇంకో రాష్ట్రంలో.

2022 జూలై 16న భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత నీళ్లు మళ్లీ అప్పుడే. అట్లాంటి రాత్రి కరెంటు ఉండదు, సిగ్నల్ ఉండదు. "పోలవరం గేట్లు మూసేశారంట", "పైన డ్యామ్ తెగిందంట" అనే మాటలు పుట్టేది అప్పుడే. వాటికి "అబద్ధం, నమ్మొద్దు" అని జవాబు ఇస్తే ఎవరికీ భయం పోదు. స్పిల్‌వేకి ఉన్న 48 గేట్లలో ఎన్ని ఎత్తి ఉన్నయి, ఈ గంటకు ఎంత నీరు వస్తుంది, ఎంత పోతుంది, ఇవి చెప్పాలి. అంకె ఇస్తే వదంతి దానంతట అదే పల్చబడుతది. కానీ మన పెద్దలు చేసింది చూడండి. ఆ జూలై 17న భద్రాచలం వచ్చిన అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్, క్లౌడ్ బరస్ట్‌ల వెనక విదేశాల కుట్ర ఉందంటున్నారు, ఎంతవరకు నిజమో తెలియదు అన్నారు. తెలియనిది మైకులో చెప్పొచ్చా? మా తాత అంటే వదంతి, ముఖ్యమంత్రి అంటే సమాచారమా?

మాకు కావలసిన కబురు ఇట్లుండాలి: "మధ్యాహ్నం 3 గంటల సమాచారం. భద్రాచలంలో గోదావరి ఇంత, కోంటలో శబరి ఇంత, రెండూ పెరుగుతున్నాయి. మీ ఊరి వాగు మీద రోడ్డు రాత్రికి మునగొచ్చు. స్కూలు గుమ్మం కంటే పల్లంలో ఉన్న ఇళ్లవాళ్లు చీకటి పడకముందే కదలండి. ట్రాక్టర్ 5 గంటలకు చింతచెట్టు దగ్గరికి వస్తుంది. మేకలను, ఎడ్లను గుట్ట మీదికి తోలండి, అక్కడ మేత ఉంది. శబరి ఇంకా ఎంత పెరుగుతుందో ఇప్పుడు చెప్పలేం. మళ్లీ 6 గంటలకు చెప్తాం, కొత్త సంగతి లేకపోయినా చెప్తాం."

ఆ మేకల మాట తీసేయకండి. "ఎంత చెప్పినా మొండిగా కదలరు" అని మా వాళ్ల మీద రాసేవాళ్లకు తెలియని సంగతి, మనుషులకు క్యాంపు చూపిస్తారు గానీ పశువులకు చూపించరు. వాటిని వదిలి ఎవరు వస్తారు?

ఇట్లాంటి కబురు రాయాలంటే ముందే పని చేసి పెట్టాలి. 2022లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయో ప్రతి ఊళ్లో పెద్దలకు తెలుసు. కరెంటు స్తంభానికి, స్కూలు గోడకు రంగుతో గీత పెట్టి, ఆ రోజు భద్రాచలం ఎంత, కోంట ఎంత అని రెండు అంకెలూ రాయాలి. ఒక్క భద్రాచలం అంకె రాస్తే శబరి పొంగిన ఏడు ఆ గీత మోసం చేస్తది. రెండు రాసినా అది అంచనాయే, వాగు సొంతంగా పొంగితే లెక్క తప్పుతది. తప్పినప్పుడు మర్నాడు వచ్చి, ఎందుకు తప్పిందో అదే మనిషి చెప్పాలి. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే వచ్చే ఏడు ఎవరూ ట్రాక్టర్ ఎక్కరు. ఆ చెప్పే మనిషి ఊరికి తెలిసిన ఆశా అక్కో, అంగన్‌వాడీ టీచరో అయి, కోయలో చెప్పాలి.

వానలకు ముందు మండలంలో వరదల మీటింగ్ పెడతారు. ఈసారి సెలవుల్లో ఊళ్లో ఉన్నవాళ్లం అందరం పోదాం. కోంట అంకె మా ఊరికి ఎవరు చెప్తారు, ఏ గంటకు చెప్తారు, టవర్ పడిపోతే ఎట్లా చెప్తారు? ఈ మూడింటికి పేరుతో సహా కాగితం మీద జవాబు అడుగుదాం. ఏ ఊరి నుంచి ఎవరు వస్తారో కింద కామెంట్‌లో రాయండి.