ఆంపియర్-అవర్ల లెక్కకో దణ్ణం

మా సర్వర్ రూములో అన్నీ పద్ధతిగా షట్‌డౌన్ చెయ్యడానికి 22 నిమిషాలు పడుతుంది. అందుకే 30 నిమిషాల బ్యాకప్ అడిగాం. లోడు 8 కిలోవాట్లు. యూపీఎస్ అమ్మేవాడు కాలిక్యులేటర్ తీశాడు: అరగంటకి 4000 వాట్-అవర్లు, 16 బ్యాటరీలు కలిపి 192 వోల్టులు, భాగిస్తే 21 ఆంపియర్-అవర్లు. "26 వేసేద్దాం సార్, ఇంకా మిగుల్తుంది" అన్నాడు. మావాళ్ళు తలూపేశారు. తీరా కరెంటు పోయిన రోజున కొత్త బ్యాటరీలే 17 నిమిషాలకి చేతులెత్తేశాయి, డేటాబేస్ సగంలో ఉండగా!

ఆ 26 అనేది 20 గంటల పాటు మెల్లగా వాడుకుంటే వచ్చే అంకె అండీ బాబూ. అరగంటలో పిండితే అందులో సగం పైచిలుకే దక్కుతుంది. పైగా ఇన్వర్టర్ తినేది ఆయన వదిలేశాడు. ఎఫిషియెన్సీ 92 శాతమనుకుంటే బ్యాటరీలు 8.7 కిలోవాట్లు ఇవ్వాలి, అంటే ఒక్కోటి 544 వాట్లు. సామర్థ్యం 80 శాతానికి పడేదాకా వాడతాం కనక 1.25తో హెచ్చిస్తే 680.

ఇక డేటాషీట్లో కాన్‌స్టంట్ పవర్ పట్టిక తెరవాలి. సెల్లుకి 1.75 వోల్టుల దగ్గర ఆపేలా, 30 నిమిషాల గడిలో 680 వాట్లు ఇచ్చే మోడల్ వెతకాలి. (కొన్ని పట్టికలు సెల్లుకి ఇస్తాయి, అప్పుడు 6తో భాగించి 113 చూడాలి.) మాకు 65 ఆంపియర్-అవర్ల బ్యాటరీ తేలింది.

"ఖర్చెక్కువ కదా" అంటారు. అయితే టెండర్లో 17 నిమిషాలనే రాసుకోండి! ఈసారి కొటేషన్లోనూ పట్టిక లేదు, తిప్పి పంపేశాను.