డాక్టరా, డాక్టరు గారా?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల గురించి నలుగురు రాసిన వ్యాసాలను ఒక పుస్తకంగా కూరుస్తున్నామనుకోండి. ఒకరు ‘కాలేజీ’ అని రాస్తారు, ఇంకొకరు ‘కాలేజి’ అంటారు, మూడో వారు ‘కాలేజ్‌’ అని పొల్లుతో ఆపేస్తారు. ‘డాక్టరు’, ‘డాక్టర్‌’ సంగతీ అంతే. వీటిలో ఏదీ తప్పు కాదు. అన్నిటినీ ఒక రూపానికి తేవాలా, ఎవరిది వారికి వదిలేయాలా అన్నదే ప్రశ్న.

వదిలేయమనే వారి మాటలో బలముంది. తెలుగు మాట అచ్చుతో ముగియడం మన నోటికి పాత అలవాటు. అందుకే ఇంగ్లీషు నుంచి వచ్చినవాటికి ‘ఉ’ చేరి బస్సు, కారు, డాక్టరు అయ్యాయి. చివర చ, జ ధ్వనులున్న చోట ‘ఇ’ చేరి బెంచి, బ్రిడ్జి, కాలేజి అయ్యాయి. ఇంగ్లీషు చదువుతో పెరిగిన తరం ఆ అచ్చును వదిలి పొల్లుతో ముగిస్తోంది. కాబట్టి ‘డాక్టరు’ అని రాసిన మనిషి వయసు, చదువు, మాటతీరు ఆ ఉకారంలో కొంత వినిపిస్తాయి. దాన్ని కొట్టేస్తే గొంతు కొంత పోతుంది.

ఒక్క రూపం కావాలనే వారి వాదం చదివేవారి పక్షాన నిలుస్తుంది. పుస్తకం ఫైలులో ‘కాలేజీ’ అని వెతికితే ‘కాలేజి’ దొరకదు, ఎందుకంటే యంత్రానికి గుడి, గుడిదీర్ఘం వేర్వేరు గుర్తులు. ‘డాక్టరు’ అని వెతికితే ‘డాక్టర్లు’ కూడా దొరకదు. వెనక పదసూచిక వేస్తే ఒకే మాట రెండు మూడు చోట్ల పడుతుంది. సూచిక చూసి ఏలూరు కాలేజీల గురించి చదవబోయినవారికి సగం పేజీలు తప్పిపోతాయి.

నాకు ఈ రెండో పక్షమే సబబనిపిస్తుంది. అయితే అన్ని మాటలకూ ఒకే సూత్రం పెట్టడం కుదరదు. అన్నీ అచ్చుతోనే అని గాని, అన్నీ పొల్లుతోనే అని గాని పట్టుబడితే ఎక్కడో ఒకచోట మాట వికారంగా తయారవుతుంది. మాటకు లో, కి, లు చేర్చి చూసి, దేనికది తేల్చుకోవాలి.

‘కాలేజ్‌’కు ‘లో’ చేరిస్తే ‘కాలేజ్‌లో’ అవుతుంది. జ్‌కీ లోకీ మధ్య కంటికి కనపడని గుర్తు ఒకటి ఉండాలి (యూనికోడ్‌లో U+200C). టైపు చేసేవారు అది మరిస్తే ‘కాలేజ్లో’ అని ఒత్తు పడిపోతుంది. పేజీలో ఒకచోట అలా, ఒకచోట ఇలా కనిపించిందంటే ఆ గుర్తు జారిపోయిందన్నమాట. ‘కాలేజి’కి ఆ బాధ లేదు గాని, బహువచనంలో అది తనంతట తానే ‘కాలేజీలు’ అవుతుంది. అంటే ‘కాలేజి’ని ఎంచుకున్నవారి రచనలో రెండు రూపాలూ ఎలాగూ వస్తాయి. కాలేజీ, కాలేజీలో, కాలేజీలు అంటే ఏ చిక్కూ లేదు. నేనైతే దీర్ఘానికే ఓటేస్తాను.

డాక్టర్ విషయంలో ఎంపిక తారుమారవుతుంది. ‘డాక్టరు’ నాకు ఇష్టమైన రూపమే. కానీ తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో ఉన్నది డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం. పేరు ముందు బిరుదుగా ఈనాడు ఎక్కువగా కనిపించేది పొల్లు రూపమే. పుస్తకమంతా ‘డాక్టరు’ అని పెడితే ఈ పేరు దగ్గర మాట మార్చక తప్పదు. బహువచనం ఎలాగూ ‘డాక్టర్లు’. కాబట్టి డాక్టర్ అని స్థిరపరచుకుంటే పేరుకీ, మామూలు వాక్యానికీ సరిపోతుంది.

సంస్థల పేర్లను మాత్రం మనం ఎంచుకున్న రూపాల్లోకి లాగకూడదు. ఏలూరులో 1945లో మొదలైన సర్ సి.ఆర్.రెడ్డి కళాశాలను పూర్తి పేరుతో చెప్పేటప్పుడు ‘కళాశాల’ అనే ఉంచాలి. తర్వాతి వాక్యంలో ‘ఆ కాలేజీలో’ అనవచ్చు. తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన సంస్థను కొందరు ‘ఎన్ఐటీ’ అని, కొందరు ‘నిట్‌’ అని రాస్తారు. ఇవి రెండు ఉచ్చారణలు కాబట్టి అక్షరదోషంగా సరిదిద్దేవి కావు. ఒకటి ఎంచుకుని, మొదటిసారి పూర్తి పేరు ఇస్తే చాలు.

సంభాషణలో నేను పూర్తిగా మొదటి పక్షం వైపే. లంక గ్రామంలో చేపలు పట్టే పెద్దావిడ “డాటరు గారు ఐసు పెట్టమన్నారండీ” అంటే, అందులో అక్షరం మార్చే హక్కు సంపాదకుడికి లేదు. అందుకే అన్నిటినీ ఒక్క దెబ్బన మార్చే ఆదేశం ఇవ్వకూడదు. ‘కాలేజ’ వరకు, ‘డాక్టర’ వరకు మాత్రమే టైపు చేసి వెతికితే చాలా సాఫ్ట్‌వేర్లలో అన్ని రూపాలూ వరసగా బయటపడతాయి. అయినా ‘డాటరు’ లాంటివి అందులో పడవు. వాటిని చూడాలంటే ప్రూఫును కంటితో చదవాల్సిందే.