తోలు అంచు చూపించండి (చేతిలో ఫోన్ – 4వ భాగం)



పోయిన భాగం చదివిన ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, చెప్పుల సంఘానికి ఫోన్‌తో ఫొటోలు తీయడం నేర్పడం కూడా ఉద్యమమేనా?" అవుననే నా వాదన.

2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ షోలో ప్రాడా కంపెనీ అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివే మోడళ్ల కాళ్లకు తొడిగి నడిపించింది. అవి తోలు చెప్పులని చెప్పింది గానీ, ఎక్కడివో, ఎవరివో చెప్పలేదు. దుమారం రేగాకే భారతీయ చెప్పుల ప్రేరణ ఉందని ఒప్పుకుంది. కొల్హాపురికి 2019 నుంచే జీఐ గుర్తింపు ఉంది. వాటిని తరతరాలుగా కుడుతున్నవాళ్లలో దళిత కులాలవాళ్లే ఎక్కువ. ఫొటో తీసి దాని కింద నాలుగు మాటలు రాసే పని ఎవరి చేతిలో ఉంటే, పేరు పెట్టే హక్కు కూడా వాళ్ల చేతికే పోతుంది.

మా దగ్గర పదకొండు మంది మాదిగల చెప్పుల సంఘం ఉంది. ఇన్నాళ్లూ వాళ్ల సరుకుకు ఫొటోలు బయటివాళ్లే తీశారు. అవి రెండు రకాలు. దళారి తీసినదాంట్లో చెప్పులు మెరుస్తుంటాయి, కింద 'ఎత్నిక్ ఫుట్‌వేర్' అని ఉంటుంది. సేవ చేస్తామని వచ్చినవాళ్లు తీసినదాంట్లో చెప్పులు కనబడవు, పెద్దనాయన వంగిన నడుమూ ముడతల చేతులూ కనబడతాయి. మొదటిదాంట్లో మనిషి మాయం, రెండోదాంట్లో పని మాయం. రెండింట్లోనూ కొనేవాడికి చెప్పుల గురించి తెలిసేది ఏమీ లేదు. అందుకే ఒక్క జత తీసుకుని మొదటినుంచీ మేమే చేశాం.

ముందు ఫోన్ వెనక కెమెరా అద్దాన్ని మెత్తటి నూలుగుడ్డతో తుడవాలి. పని చేసే చేతుల జిడ్డు అద్దానికి అంటుకుంటే ఫొటో పొగపట్టినట్టు వస్తుంది. తర్వాత వెలుతురు. గుడిసెలో బల్బు కింద తీస్తే గోధుమరంగు తోలు పసుపుపచ్చగా వస్తుంది. నడి ఎండలో తీస్తే నల్లటి నీడ పడి కుట్టు కనబడదు. పొద్దున తొమ్మిదింటప్పుడు అరుగు మీద, ఎండ నేరుగా పడని నీడ మంచిది. ఆ అరుగు మీద నీలం టార్పాలిన్ కట్టి ఉంటే తీసేయండి. దాని రంగు చెప్పుల మీద పడుతుంది, కొన్నవాడు "ఫొటోలో ఒక రంగు, చేతికొచ్చింది ఇంకో రంగు" అని వెనక్కి పంపుతాడు.

ఒక తెల్ల డ్రాయింగ్ షీటు పై అంచును గోడకు అంటించి, మిగతాది మడత పడకుండా వంపుగా కిందికి పరిచాం. చెప్పులు దాని మీద పెట్టాం. చిక్కు ఇక్కడే వస్తుంది. చుట్టూ తెలుపు ఎక్కువ ఉంటే, వెలుతురు ఎక్కువైందనుకుని ఫోన్ ఫొటో మొత్తాన్నీ మసక చేస్తుంది. తోలు నల్లముద్దలా కనబడుతుంది. అప్పుడు తెర మీద చెప్పు ఉన్నచోట వేలితో తాకాలి. చాలా ఫోన్లలో పక్కన సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని కొంచెం పైకి జరపాలి. కుట్టు రంధ్రాలు విడివిడిగా కనబడగానే ఆపాలి. ఇంకా జరిపితే దారం వెలుతుర్లో కరిగిపోతుంది. ఫ్లాష్ వద్దు, ఫిల్టర్ వద్దు. మరీ దగ్గరగా తీస్తే ముందుభాగం ఉబ్బి, మడమ చిన్నదై చెప్పు ఆకారమే మారిపోతుంది. రెండడుగులు వెనక్కి జరిగి తీసి, తర్వాత అంచులు కత్తిరించుకుంటే సరి.

ఒక జతకు ఐదు ఫొటోలు చాలు: ఏటవాలుగా జత, పైనుంచి, పక్కనుంచి, తిరగేసి అడుగుభాగం, చివరగా తోలు కోసిన అంచు.

ఈ ఐదోదాని గురించి అందరూ "అంచు ఎందుకు?" అన్నారు. పెద్దనాయనే జవాబు చెప్పాడు. చెట్టు బెరడుతో పదును చేసిన తోలును కోస్తే లోపలిదాకా గోధుమరంగే ఉంటుంది. క్రోమియం మందుతో చేసినదాన్ని కోస్తే చాలాసార్లు మధ్యలో నీలిబూడిద రంగు చార కనబడుతుంది. పైన ఏ రంగైనా పూయొచ్చు, కోసిన అంచుకు మాత్రం రంగు పులమకపోతే లోపలి నిజం అదే చెబుతుంది. తోలు తెలిసినవాడికి ఆ ఒక్క ఫొటో చాలు. దళారికి ఈ సంగతి తోచదు, తోలు కోసిన చేతికే తోస్తుంది. ఎవరి చేతిలో ఫోన్ ఉందనేది అందుకే ముఖ్యం.

ఇక మాటలు. ఎవరూ రాయనక్కర్లేదు, కీబోర్డులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలు. కాకపోతే మన పని మాటలు ఫోన్‌కు తెలియవు. 'లంద' అంటే 'లండన్' అని రాసింది, అందరూ నవ్వారు. అలాంటివి చేత్తో దిద్దాలి.

పెద్దనాయన "తంగేడు చెక్కతో పదును చేసిన తోలు" అన్నాడు. ఆయన తండ్రి కాలంలో నిజమే. ఇప్పుడు మా వాడలో లందలు లేవు, తోలు ఈరోడ్ వైపు నుంచి వస్తుంది, ఏ బెరడు వాడారో బిల్లు మీద లేదు. కాబట్టి తంగేడు మాట తీసేశాం. ఆయనకు కష్టమనిపించింది. కానీ మనకు తెలిసిందే రాస్తే రేపు ఎవడూ వేలెత్తి చూపలేడు. చివరికి ఇలా తయారైంది:

"గేదె తోలు చెప్పులు, ఒక జత. చెట్టు బెరడుతో పదును చేసిన తోలు, ఈరోడ్ వైపు నుంచి కొన్నాం. కోత, కుట్టు మా సంఘంలోనే, చేత్తో. అట్ట పొడవు 27 సెంటీమీటర్లు; పాదం 26 సెంటీమీటర్లు ఉన్నవారికి సరిపోతాయి. మడమ గోడకు ఆనించి నిలబడి, పొడవైన వేలిదాకా కొలవండి. కొత్తలో తోలు వాసన వస్తుంది, నాలుగైదు రోజులు బిగుతుగా ఉంటాయి. వాడేకొద్దీ రంగు ముదురుతుంది. వానలో వేసుకోవద్దు. తడిస్తే నీడలో ఆరబెట్టండి."

వాసన సంగతి ఎందుకని ఒక చెల్లి అడిగింది. చెప్పకపోతే అదే ఫిర్యాదవుతుంది, ముందే చెబితే అది తోలు గుణమని తెలుస్తుంది. 'గేదె' అన్న మాట కూడా దాచొద్దన్నాను. 'అసలైన లెదర్' అంటే ఏ పశువు తోలో ఎవరికీ తెలియదు.

అసలు వాదన పేరు దగ్గర వచ్చింది. 'మాదిగల చేతిపని' అని రాయాలా? "అది చూసి కొనడం మానేస్తారేమో అన్నా" అంది ఆ చెల్లే. ఆమె భయం ఉత్తది కాదు, ఆ జత అమ్ముడుపోకపోతే నష్టపోయేది నేను కాదు. పెద్దనాయన మాత్రం రాయమన్నాడు, తన పేరు కూడా పెట్టమన్నాడు. కుట్టినవాళ్ల జతకు వాళ్లే నిర్ణయించుకోవాలని తీర్మానం చేశాం. కులం పేరు చెప్పుకోవాలని బయటినుంచి ఒత్తిడి చేయడం, చెప్పొద్దని దాచిపెట్టడం, రెండూ వాళ్ల నోటిమాట లాక్కోవడమే.

ఆఖరి మాట. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అమ్మే పేజీకి ఓటీపీ వచ్చే నెంబరు సంఘానిదే అయి ఉండాలి. సాయం చేస్తానన్న కుర్రాడిదో, దళారిదో అయితే అతను అలిగిన రోజు ఫొటోలూ పోతాయి, కొనేవాళ్లూ పోతారు. సిమ్ సంఘం పేరు మీద తీసుకుని, ఫోన్ ఎవరి దగ్గరుందో మినిట్స్ పుస్తకంలో రాసుకోండి.

వచ్చే భాగంలో ధర సంగతి. కూలి ఎంత కట్టుకోవాలన్న లెక్క మొదలెడదాం.